సప్లయర్ స్టేట్‌మెంట్, మన లెడ్జర్: కనిపించకుండా పోయిన 23,600

అడిగిన ప్రశ్న: "గుంటూరులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో అకౌంట్స్ చూస్తున్నాను. సప్లయర్ హైదరాబాద్‌లో ఉంటారు. 2025 మార్చి 31 నాటికి మేం ఇవ్వాల్సింది వాళ్ళ స్టేట్‌మెంట్‌లో 8,46,350, మా ట్యాలీలో 6,93,350. తేడా 1,53,000. దారిలో ఉన్న బిల్లు 1,18,000, వాళ్ళకి ఇంకా ఎక్కని చెక్కు 75,000, మేం ఎక్కించని డిస్కౌంట్ క్రెడిట్ నోట్ 40,000. ఈ మూడింటితో రూపాయితో సహా సరిపోయింది. 11,800 రేటు తేడా క్రెడిట్ నోట్ రెండు చోట్లా ఉంది, టిక్ పెట్టాను. అయితే మార్చి 20న వాపసు పంపిన 23,600 సరుకుకి ఇంకా క్రెడిట్ నోట్ ఇవ్వలేదని వాళ్ళు ఫోన్‌లో అన్నారు. మేం డెబిట్ నోట్ వేసేశాం. మరి నా లెక్క ఎలా సరిపోయింది? టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి."

మీకు వచ్చిన అనుమానం సరైనదే. వాపసు సరుకు మీ లెడ్జర్‌లో తగ్గి, వాళ్ళ స్టేట్‌మెంట్‌లో తగ్గకపోతే, స్టేట్‌మెంట్ 23,600 ఎక్కువ చూపించాలి. ఆ తేడా బయటపడలేదంటే, సరిగ్గా అంతే మొత్తం ఎదురు దిక్కున ఇంకెక్కడో ఉందన్నమాట. అంటే మీ లెడ్జర్ ఏదో ఒక కారణంతో 23,600 ఎక్కువ చూపిస్తోంది.

అది ఎక్కడుందో మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. 23,600లో సగం 11,800. మీరు టిక్ పెట్టిన రేటు తేడా క్రెడిట్ నోట్ కూడా 11,800. ఆ ఎంట్రీ తెరిచి, సప్లయర్ ఖాతాకి అది డెబిట్ అయిందా, క్రెడిట్ అయిందా చూడండి. క్రెడిట్ అయి ఉంటుందని దాదాపు ఖాయంగా చెప్పగలను. 11,800 తగ్గాల్సిన బాకీ 11,800 పెరిగితే, ఉండాల్సిన చోటుకీ ఉన్న చోటుకీ దూరం రెండింతలు, అంటే 23,600. ఎంట్రీ అటుది ఇటు పడినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. అందుకే లెక్కలో తేడా వస్తే దాన్ని సగం చేసి, ఆ సగం మొత్తానికి ఎంట్రీ ఏదైనా ఉందేమో వెతకడం మాకు మొదట నేర్పిన పని.

ఇది ఎలా జరుగుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గర ప్రతి ఏడాదీ చేసే పొరపాటు ఇదే. సప్లయర్ పంపిన కాగితం మీద పెద్ద అక్షరాలతో "క్రెడిట్ నోట్" అని ఉంటుంది. దాన్ని చూసి ట్యాలీలో క్రెడిట్ నోట్ వోచర్ తెరుస్తారు. కానీ ఆ కాగితం మీద మాట వాళ్ళ పుస్తకాల తరఫున రాసింది. వాళ్ళు మన ఖాతాకి క్రెడిట్ ఇచ్చారు. మన పుస్తకంలో అదే పని వాళ్ళ ఖాతాకి డెబిట్ ఇవ్వడం, కాబట్టి ట్యాలీలో అది డెబిట్ నోట్ వోచర్‌లోకి వెళ్ళాలి. ట్యాలీలో క్రెడిట్ నోట్ వోచర్ ఉన్నది మన కస్టమర్ సరుకు వాపసు చేసినప్పుడు వేయడానికి. అందులో సప్లయర్ పేరు పెడితే బాకీ పెరుగుతుంది, కొనుగోలు పెరుగుతుంది, ఐజీఎస్టీ ఇన్‌పుట్ కూడా పెరుగుతుంది.

మీ 11,800లో సరుకు విలువ 10,000, 18 శాతం జీఎస్టీ 1,800 అనుకుందాం. తప్పు దిక్కున వేసినందుకు కొనుగోలు 20,000 ఎక్కువ, ఇన్‌పుట్ 3,600 ఎక్కువ కనిపిస్తూ ఉంటాయి. జీఎస్టీఆర్-2బీలో మాత్రం అది క్రెడిట్ నోట్‌గానే, ఇన్‌పుట్ తగ్గించేదిగానే వచ్చి ఉంటుంది. 2బీ ప్రతి నెలా 14న వస్తుంది. పుస్తకాల్లో ఇన్‌పుట్‌నీ 2బీనీ మొత్తాలు కాకుండా నోట్‌కి నోట్ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ 3,600 అక్కడ కూడా పట్టుబడాలి. మార్చి 3బీ వేసేలోపే సరిచేసుకోండి. అలాగే ఆ వోచర్ మీ జీఎస్టీఆర్-1 రిపోర్టులో మీ అమ్మకాల వాపసుగా దూరిందేమో ఒకసారి చూడండి. పాత వోచర్ తీసేసి డెబిట్ నోట్ వోచర్‌లో మళ్ళీ వేయండి. సప్లయర్ క్రెడిట్ నోట్ నంబరు, తేదీ రిఫరెన్స్‌లో రాయండి. బిల్లువారీ వివరాల్లో `On Account` అని వదిలేయకుండా `Agst Ref` పెట్టి, ఏ బిల్లు రేటు గురించి ఆ నోట్ వచ్చిందో ఆ బిల్లుకే కట్టండి.

ఇప్పుడు టిక్ పెట్టే పద్ధతి. మీరు మొత్తం చూసి టిక్ పెట్టారు, దిక్కు చూడలేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని పెన్సిల్‌తో చేసే రోజుల్లో కూడా ఇదే ఇబ్బంది. వాళ్ళ స్టేట్‌మెంట్‌లో డెబిట్ కాలమ్‌లో ఉన్నది మన లెడ్జర్‌లో క్రెడిట్ కాలమ్‌లో ఉండాలి. అద్దంలో చూసినట్టు ఎడమ కుడి మారి ఉండాలి. కన్ను అంకె మీదికే పోతుంది, కాలమ్ మీదికి పోదు. అందుకే నేను ఎక్సెల్‌లో రెండింటినీ ఒకే షీటులో కిందా మీదా పేరుస్తాను. బి కాలమ్‌లో బిల్లు, నోట్ లేదా చెక్కు నంబరు, సి కాలమ్‌లో మొత్తం. స్టేట్‌మెంట్‌లో బిల్లులకి ప్లస్, వాళ్ళకి అందిన డబ్బుకీ క్రెడిట్ నోట్లకీ మైనస్. మన లెడ్జర్‌లో క్రెడిట్‌కి మైనస్, డెబిట్‌కి ప్లస్. ఆ పైన పక్క కాలమ్‌లో ఇది వేసి కిందికి లాగండి:

```
=SUMIF(B:B,B2,C:C)
```

రెండు చోట్లా సరిగ్గా ఉన్నవన్నీ సున్నా అవుతాయి. మీ 11,800 నోట్ దగ్గర మైనస్ 23,600 వస్తుంది, ఎందుకంటే రెండు వైపులా మైనస్సే పడింది. ఇంక దాక్కోవడానికి చోటు ఉండదు. నంబర్లు రెండు చోట్లా ఒకే తీరులో ఉండాలి. వాళ్ళు ముందు అక్షరాలు, చివర సంవత్సరం కలిపి రాస్తారు, మనవాళ్ళు ఒట్టి అంకె వేస్తారు. ముందు ఒక అరగంట కూర్చుని వాటిని ఒకేలా చేసుకోండి. వాపసు సరుకుకి మాత్రం మన డెబిట్ నోట్ నంబరు, వాళ్ళ క్రెడిట్ నోట్ నంబరు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, వాటికి అసలు కొనుగోలు బిల్లు నంబరు పక్కన పెట్టుకుని చేత్తోనే జత చేయాలి.

చివరికి మిగిలిన తేడా సున్నా అయిందని నేనూ ఒకప్పుడు ఫైలు మూసేశాను. అప్పుడు నేను పనిచేసే చోట ఒక డిస్ట్రిబ్యూటర్‌కి వాపసు పంపిన పెట్టెలు వాళ్ళ గోడౌన్‌లో ఆరు నెలలు పడి ఉన్నాయి. క్రెడిట్ నోట్ రాలేదు, నేను అడగలేదు. తీరా అడిగేసరికి మా పెట్టెలు ఏవో తేల్చలేం అన్నారు. సగం డబ్బుకి ఒప్పుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి రెండు జాబితాలు రాస్తాను. ఒకటి స్టేట్‌మెంట్‌లో టిక్ పడనివి, రెండోది లెడ్జర్‌లో టిక్ పడనివి. రెండు జాబితాల్లోని ప్రతి ఒక్కదానికీ ఒక కాగితం, అది ఎప్పటికి తేలుతుందో ఒక తేదీ రాసుకున్నాకే కూడికలు చేస్తాను. మీరు కూడిక ముందు చేసి, అది కుదిరింది కదా అని జాబితా మధ్యలో ఆపేశారు. లెడ్జర్‌లో ఆ 23,600 డెబిట్ నోట్ టిక్ లేకుండా ఇప్పటికీ అలాగే ఉంది చూడండి.

ఇక ఆ వాపసు సంగతి. దీన్ని "టైమింగ్ తేడా" అని రాసి ఊరుకోవద్దు. టైమింగ్ తేడా అంటే ఇద్దరూ ఒప్పుకున్న విషయం ఒకరికి ముందు, ఒకరికి తర్వాత ఎక్కడం. మీ డెబిట్ నోట్ మీరు ఒక్కరే అన్న మాట. మీరు సరుకు లారీకి ఎక్కించిన రోజు వేరు, వాళ్ళ గోడౌన్‌లో దిగిన రోజు వేరు, వాళ్ళ మనిషి లెక్కపెట్టి చూసిన రోజు వేరు, క్రెడిట్ నోట్ మీద పడే తేదీ వేరు. ఆ చివరి తేదీ వచ్చేదాకా మొత్తం కూడా ఖాయం కాదు. ఇరవై స్విచ్ బోర్డులు పంపితే పద్దెనిమిదే ముట్టాయని అనొచ్చు. ప్యాకింగ్ చిరిగిందని కొంత కోయొచ్చు. ఈ మధ్య రేటు తగ్గి ఉంటే ఇవాళ్టి రేటుకి వెనక్కి తీసుకుంటామనొచ్చు. మీరు కొన్న బిల్లు రేటుకే రావాలి కాబట్టి డెబిట్ నోట్‌లో ఆ బిల్లు నంబరు రాసి ఉండటం ఇక్కడ అక్కరకొస్తుంది.

రేపు పొద్దున్నే ట్రాన్స్‌పోర్ట్ ఎల్.ఆర్. కాపీ, డెబిట్ నోట్ కాపీ కలిపి వాళ్ళ అకౌంట్స్‌కి మెయిల్ చేయండి. సేల్స్‌మన్‌కి వాట్సాప్‌లో పెడితే సరిపోదు. అతనికి టార్గెట్ ముఖ్యం, వాపసు ముఖ్యం కాదు. మూడు విషయాలు అడగండి: సరుకు ఏ తేదీన ముట్టింది, ఎన్ని ఒప్పుకున్నారు, క్రెడిట్ నోట్ ఎప్పుడు ఇస్తారు. "మార్చి 22న ముట్టింది, మొత్తం సరిగ్గా ఉంది, ఏప్రిల్‌లో నోట్ ఇస్తాం" అని జవాబు వస్తే అప్పుడది నిజంగా టైమింగ్ తేడా. జవాబు రాకపోయినా, పద్దెనిమిదే అన్నా, అది వివాదంలో ఉన్న మొత్తం. షీటులో వేరే వరసలో రాసి మీ యజమానికి చూపించండి. వాళ్ళకి కూడా తొందర ఉంటుందని గుర్తుంచుకోండి. 2024-25 బిల్లుకి సంబంధించిన జీఎస్టీ క్రెడిట్ నోట్‌ని వాళ్ళు 2025 నవంబర్ 30 లోపు, లేదా వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేస్తే ఆలోపు, రిటర్న్‌లో చూపించాలి. ఆ గడువు దాటితే వాళ్ళకి పన్ను తగ్గదు. అప్పుడు పన్ను లేకుండా 20,000కే నోట్ ఇస్తామంటారు, గొడవ మొదలవుతుంది. ఇంకో విషయం, మీరు మార్చిలోనే 3,600 ఇన్‌పుట్ తగ్గించి రాశారు, వాళ్ళ నోట్ ఏప్రిల్‌లో వస్తే ఏప్రిల్ 2బీలో కనిపిస్తుంది. మార్చి పుస్తకానికీ 2బీకీ ఆ మేర తేడా ఉంటుంది. కారణం పక్కన రాసి పెట్టుకోండి, వచ్చే నెల మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.

40,000 డిస్కౌంట్ నోట్ సులువైనది, కానీ ఎక్కించే ముందు కాగితం మీద పన్ను వరస ఉందో లేదో చూడండి. ఏడాది టార్గెట్ దాటినందుకు ఇచ్చే ఇలాంటి నోట్లు చాలావరకు జీఎస్టీ లేకుండా వస్తాయి. అలా వస్తే వాళ్ళు తమ పన్ను తగ్గించుకోరు, మనం ఇన్‌పుట్ వెనక్కి ఇవ్వక్కర్లేదు. పన్ను లేకుండా ఇలాంటి నోట్ ఇవ్వొచ్చని 2019 మార్చి 7న వచ్చిన 92వ నంబరు జీఎస్టీ సర్క్యులర్‌లో ఉంది. సప్లయర్ ఖాతా డెబిట్, డిస్కౌంట్ ఖాతా క్రెడిట్, అంతే. పన్ను వరస ఉంటే మాత్రం అది 2బీలో కూడా కనిపించాలి, ఆ మేరకు ఇన్‌పుట్ తగ్గించాలి. నోట్ తేదీ మార్చి అయితే కాగితం మీ చేతికి ఏప్రిల్‌లో వచ్చినా మార్చిలోనే ఎక్కించండి. ఇది మన పుస్తకంలో ఉన్న లోటు. "తేడా" అని షీటులో రాసి వదిలేయడం కాదు, ఎంట్రీ వేయాలి.

దారిలో ఉన్న 1,18,000 బిల్లు దగ్గర కొంచెం ఆగాలి. మార్చి ఆఖరున సేల్స్ వాళ్ళు టార్గెట్ కోసం ముందు బిల్లు కొట్టి, సరుకు తర్వాత పంపడం మామూలే. పైగా ఈసారి మార్చి 30 ఆదివారం ఉగాది, 31 రంజాన్. 29న బిల్లు ఉన్నంత మాత్రాన సరుకు 29న బయల్దేరిందని అనుకోలేం. ఈ విలువకి ఈ-వే బిల్లు తప్పనిసరి కాబట్టి దాని తేదీ, ఎల్.ఆర్. తేదీ చూడండి. రెండూ మార్చివే అయి, లారీకి ఎక్కగానే సరుకు బాధ్యత మీదని మీ ఒప్పందం ఉంటే, మార్చి 31కి అది మీ సరుకే. కొనుగోలు ఎక్కించాలి, స్టాక్‌లో "దారిలో ఉన్న సరుకు" అని పన్ను తీసేసిన విలువ, అంటే లక్ష, చూపాలి. కొనుగోలు ఎక్కించి స్టాక్ మరిస్తే లాభం లక్ష రూపాయలు తక్కువ కనిపిస్తుంది. షాపులో దిగేదాకా బాధ్యత వాళ్ళదే అయితే, లేదా ఈ-వే బిల్లు ఏప్రిల్‌ది అయితే, మార్చిలో ఎక్కించవద్దు. ఎలా ఎక్కించినా ఐజీఎస్టీ ఇన్‌పుట్ మాత్రం సరుకు చేతికి అందాకే వాడుకోవాలి, 2బీలో మార్చిలోనే కనిపించినా సరే.

చెక్కు విషయం చిన్నదే. 29 శనివారం సేల్స్‌మన్ చేతికి ఇచ్చి ఉంటే, తర్వాతి రెండు రోజులు సెలవు, ఏప్రిల్ 1న బ్యాంకులకి ఖాతాల ముగింపు. ఏప్రిల్ 2 లేదా 3న మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అది పాస్ అయి కనిపించాలి. పాస్ అయ్యాక కూడా వాళ్ళ ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లో మీ పేరు మీద రాకపోతే, అదే పేరున్న ఇంకో పార్టీకో, వాళ్ళ ఇంకో బ్రాంచి ఖాతాకో జమ అయి ఉంటుంది. చెక్కు నంబరుతో అడగండి. పది రోజులైనా బ్యాంకులో పాస్ కాకపోతే సేల్స్‌మన్ ఇచ్చిన రసీదు బయటికి తీయండి. చెక్కు తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది.

ఇప్పుడు మొత్తం మళ్ళీ కడదాం, ఈసారి రెండు వైపుల నుంచి. మీ లెడ్జర్ 6,93,350. తప్పు దిక్కున పడిన నోట్ సరిచేస్తే 23,600 తగ్గి 6,69,750. డిస్కౌంట్ నోట్ ఎక్కిస్తే 6,29,750. దారిలోని సరుకు మార్చిదే అని తేలితే 1,18,000 కలిసి 7,47,750. ఇవి మూడూ మీరు మీ పుస్తకంలో వేసే ఎంట్రీలు. అటు నుంచి, స్టేట్‌మెంట్ 8,46,350. అందులోంచి వాళ్ళకి ఎక్కని చెక్కు 75,000 తీస్తే 7,71,350. వాపసు 23,600 తీస్తే 7,47,750. ఈ రెండూ వాళ్ళు వాళ్ళ పుస్తకంలో చేయాల్సినవి, మీరు షీటులో మాత్రమే చూపాల్సినవి. సరుకు మార్చిది కాదని తేలితే 1,18,000 మీ వైపు కలపకుండా వాళ్ళ వైపు తీసేయండి, రెండూ 6,29,750 దగ్గర కలుస్తాయి.

మీ మొదటి లెక్కలో కూడా చివరికి సున్నా వచ్చింది. కానీ దాని ప్రకారం మీరు సరిచేసిన లెడ్జర్ 7,71,350 అయ్యేది. వాళ్ళు అడిగితే అంతా కట్టేవారు, వాపసు సరుకు డబ్బు 23,600 మీ పుస్తకంలో ఎక్కడా రావాల్సినట్టు కనిపించకుండా పోయేది.

బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ మీద సంతకం అడిగితే 8,46,350 మీద సంతకం పెట్టకండి. "మా పుస్తకాల ప్రకారం 7,47,750, తేడాల పట్టిక జతచేశాం" అని రాసి, చెక్కు నంబరు, డెబిట్ నోట్ నంబరు, ఎల్.ఆర్. నంబరు ఉన్న షీటు వెనక పెట్టి పంపండి. ఏప్రిల్ నెల స్టేట్‌మెంట్ రాగానే మొత్తం మళ్ళీ టిక్ పెట్టేముందు ఈ షీటులోని రెండు వరసలే వెతకండి. 75,000 వచ్చి, వాపసుకి 21,240 మాత్రమే వచ్చిందనుకోండి. తక్కువ పడిన 2,360లో సరుకు విలువ 2,000, పన్ను 360. ఇరవై బోర్డులు 20,000 అయితే అది రెండు బోర్డుల విలువ. అప్పుడు ఎల్.ఆర్. మీద ఎన్ని పెట్టెలు రాశారో, వాళ్ళు ముట్టినప్పుడు ఎన్నని సంతకం చేశారో చూసి మాట్లాడాలి.